‘కోరుకుంటూ...’ దగ్గర ఆగిపోయే శుభాకాంక్షలు

సందేహం: భీమవరం దగ్గర రొయ్యల మేత డీలర్‌ని. ఏటా సంక్రాంతికి నా రైతులందరికీ వాట్సాప్‌లో ‘ఈ సంక్రాంతి మీకు మరియు మీ కుటుంబ సభ్యులకు భోగభాగ్యాలు కలిగించాలని కోరుకుంటూ...’ అని పంపుతాను. మహా అయితే దండం బొమ్మ పెడతారు. నా వాక్యంలో తప్పేమైనా ఉందా?

సమాధానం: వ్యాకరణం మాట అడిగితే, వాక్యం పూర్తి కాలేదు. ‘కోరుకుంటూ’ అసమాపక క్రియ. పాత ఉత్తరాల్లో దాని వెనక ‘ఇట్లు’ అని సంతకం ఉండేది. ఇప్పుడది ఫ్లెక్సీల భాష అయిపోయింది. కోరుకునేది ఎవరో, ఎవరి కోసమో అందులో కనపడదు. అందుకే చదివినవాళ్లకు అది తమకోసం రాసినట్టు అనిపించదు. ‘మరియు’ కూడా అక్కర్లేదు. ‘మీకూ మీ ఇంటిల్లిపాదికీ’ అంటే సరిపోతుంది.

అయితే ఈ రెండూ దిద్దినంత మాత్రాన జవాబులు రావు. ‘మీరు’ ఒక్కరికీ చెల్లుతుంది, వెయ్యిమందికీ చెల్లుతుంది. పేరు పెట్టి పిలిస్తేనే అది ఒక్కరిదవుతుంది. ఆ తర్వాత ఆ మనిషికి తప్ప ఇంకెవరికీ పంపలేని వాక్యం ఒకటి ఉండాలి. ఉండి ఊరి దగ్గర ఒక రైతుకు మీరు రాస్తున్నారనుకోండి:

‘రాజుగారూ, మీకూ మీ ఇంటిల్లిపాదికీ సంక్రాంతి శుభాకాంక్షలు. మొన్న ముసురు పట్టినప్పుడు రాత్రంతా ఏరియేటర్ల దగ్గరే ఉండి చెరువు నిలబెట్టారు. అమ్మాయిగారు పండక్కి వచ్చేశారా?’

మబ్బు పట్టిన రాత్రుళ్లు నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. ఆ టెన్షన్ ఎలాంటిదో రైతుకు తెలుసు, అది మీకూ తెలుసని రెండో వాక్యం చెబుతుంది. చివర ప్రశ్న ఉంది కాబట్టి ఆయన దండం బొమ్మతో సరిపెట్టలేరు. పొగడ్త మాత్రం జరిగిన పనికే ఉండాలి. ‘మీలాంటి ఆదర్శ రైతు’ అన్నారా, మళ్లీ ఫ్లెక్సీయే.

పరీక్ష తేలికే. పేరు తీసేసి అదే మెసేజ్‌ను పక్క ఊరి రైతుకు పంపితే అతికిందనుకోండి, అది పనికిరాదు. వందమందికి ఇలా రాయడం కుదరదు, నిజమే. ఏళ్ల తరబడి మీ దగ్గరే మేత తీసుకుంటున్న పదిపదిహేనుమందికి రాయండి, మిగతావాళ్లకు మామూలుదే పంపండి. భోగి పొద్దున్న ఫోన్లు ఎటూ నిండిపోతాయి, ఒకరోజు ముందే పంపితే మేలు.

బాకీ మాట, కొత్త రేట్ల మాట అందులో పెట్టకండి. ఒక్క ముక్క పెట్టినా పైదంతా దానికి పీఠికలా కనపడుతుంది. వైట్‌స్పాట్ తెగులు వచ్చి చెరువు పోయిన రైతుకు ‘భోగభాగ్యాలు’ అని రాస్తే ఎగతాళిలా ఉంటుంది. ‘ఈసారి పంట కలిసిరావాలండి’ అంటే చాలు. ఇక ఏటిసూతకంలో ఉండి పండగ చేసుకోని ఇంటికి శుభాకాంక్షలే వద్దు. పండగ వెళ్లాక ఫోన్ చేసి బాగోగులు అడగండి.