విశాఖ ఫ్లాట్‌లో ఎపాక్సీ గ్రౌట్ ఎక్కడ వేయించాలి?

అమెరికా వచ్చి ఏడాది కాలేదు, మధురవాడ ఫ్లాట్‌కు టైల్స్ వేయిస్తున్నాను, టైళ్ల మధ్య సందులు నింపే గ్రౌట్‌గా ఇల్లంతా ఎపాక్సీయే మంచిదని మేస్త్రీ అంటున్నాడు అని రాశారు. ఒప్పుకోకండి. జీతం డాలర్లలో కనిపించే కొత్తలో అక్కడి బిల్లు చిన్నదిగానే తోస్తుంది. ఇక్కడి అద్దె, బీమా, కారు వాయిదా కట్టాక ఎంత మిగులుతుందో మరో ఏడాదికి మీకే తెలుస్తుంది. హాలుకు, పడకగదులకు సిమెంట్ గ్రౌట్ చాలు. ఎపాక్సీకి దానికన్నా ఎన్నో రెట్లు ఖర్చవుతుంది కాబట్టి బాత్రూములకు, సింక్ చుట్టూ, పొయ్యి వెనక గోడకు మాత్రమే వేయించండి.

మా ఫ్లాట్‌లో మొదట అంతటా సిమెంట్ గ్రౌటే ఉండేది. అది ఆరాక కూడా సన్నని రంధ్రాలతో నీటిని, నూనెను, పసుపును పీల్చుకుంటుంది. అద్దెకున్నవారు బాత్రూమును యాసిడ్‌తో కడిగేవారు. యాసిడ్ సిమెంట్‌ను తినేస్తుంది కాబట్టి సందులు పొడిపొడిగా రాలిపోయాయి. దాంతో ఎపాక్సీకి డబ్బు పంపాము. పనివాళ్లు పాత గ్రౌట్‌ను తీయకుండా పైన పల్చగా పూసేశారు. కొన్ని నెలలకే అది పెచ్చులుగా ఊడింది. రెండోసారి నేనే వీడియోలో దగ్గరుండి చేయించాను. అప్పటినుంచి ఆ సందులకు ఏమీ కాలేదు.

మీరూ అలాగే చూడండి. సందు టైలు మందంలో కనీసం మూడింట రెండు వంతుల లోతు వరకు ఖాళీగా, పొడిగా ఉండాలి. రెజిన్, హార్డెనర్, పౌడర్‌లను డబ్బా మీద రాసిన పాళ్లలోనే కలపాలి, నీళ్లు పోయకూడదు. కలిపిన ముద్ద సుమారు గంటలోపే బిగుసుకుంటుంది. విశాఖ ఎండల్లో ఇంకా త్వరగా గట్టిపడుతుంది కాబట్టి కొంచెం కొంచెంగా కలపమనండి. టైలు మీద మిగిలిన జిగురును వెంటనే తుడవకపోతే తరువాత వదలదు.

బిల్లును మీరే సరిచూసుకోవచ్చు. 300×600 మిల్లీమీటర్ల టైలు, 8 మిల్లీమీటర్ల మందం, 3 మిల్లీమీటర్ల సందు అయితే చదరపు మీటరుకు సుమారు 200 గ్రాములు పడుతుంది. గోడలూ నేలా కలిపి 25 చదరపు మీటర్లున్న బాత్రూముకు 5 కిలోలు, వృథాకు మరికాస్త. 10 కిలోలు రాస్తే ఎందుకని అడగండి. ఖాళీ డబ్బాల ఫొటోలు తెప్పించుకోండి. గట్టిపడ్డాక సందు మీద నీటిచుక్క వేయించి చూడండి: మామూలు సిమెంట్ అయితే పీల్చుకుని నల్లబడుతుంది, ఎపాక్సీ మీద చుక్క అలాగే నిలుస్తుంది.

ఎపాక్సీ వేస్తే కింది ఇంటికి నీరు కారదని ఎవరైనా చెబితే నమ్మకండి. టైల్స్ కింద వాటర్‌ప్రూఫింగ్ విడిగా చేయించాల్సిందే. గోడ, నేల కలిసే మూలల్లో సిలికాన్ సీలెంట్ పెట్టించండి. ఎండ తగిలే బాల్కనీకి ఎపాక్సీ వద్దు, పసుపుపచ్చగా మారుతుంది. డబ్బు ఏ ఖాతా నుంచి పంపాలో మీ బ్యాంకు చెబుతుంది. ఆఖరి వాయిదాను మాత్రం నీటిచుక్క వీడియో వచ్చాకే పంపండి.