పల్లె ఆసుపత్రికి వెళ్తున్న చిట్టితల్లికి

చిట్టితల్లీ,

నీకు పీహెచ్‌సీలో పోస్టింగ్ వచ్చిందని మీ నాన్న నిన్న ఫోన్ చేశాడు. రాత్రి సరిగా నిద్రపట్టలేదు. గర్వం ఒక పక్క, టెన్షన్ ఒక పక్క. నీ చదువు మీద నాకు అనుమానం లేదు. నా భయమంతా నీ మొహం గురించే. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు అరుగు మీద ఎవరో ‘ముడ్డి’ అన్నారని నువ్వు మొహం చిట్లించుకోవడం చూశాను. ఓపీలో అలా చిట్లించుకున్నావంటే ఎదురుగా ఉన్న మనిషి నోరు మూతపడుతుంది.

‘ఉచ్చ పోస్తే మంట’, ‘ముడ్డిలోంచి నెత్తురు’ అంటే అవి బూతులు కావమ్మా. వాళ్లకు తెలిసిన పేర్లే అవి. నిన్ను, నర్సును తిట్టేవాడి సంగతి వేరు, వాణ్ని గట్టిగా ఆపు. నొప్పి చెప్పుకునేవాణ్ని మాత్రం ఆపకు.

నేను ఆపాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. 18 ఏళ్ల లారీ క్లీనర్ కుర్రాడిని వాళ్ల నాన్న పొద్దున్నే తీసుకొచ్చాడు. వంగిపోయి నడుస్తున్నాడు, ఒళ్లంతా చెమట. ‘సార్, వట్ట పీకేస్తంది’ అన్నాడు. పక్కన నర్సు ఉంది. ‘ఆడవాళ్ల ముందు ఏంట్రా ఆ మాటలు, సరిగ్గా చెప్పు’ అని కసిరాను. వాళ్ల నాన్న మోచేత్తో పొడిచాడు. కుర్రాడు తల దించుకుని ‘పొత్తికడుపులో నొప్పి సార్’ అన్నాడు. రెండుసార్లు వాంతి అయిందన్నాడు. పొట్ట నొక్కి చూశాను, మెత్తగానే ఉంది. నొప్పికి సూది వేసి, గ్యాస్ మాత్రలిచ్చి పంపేశాను. లుంగీ విప్పించి చూడలేదు.

మర్నాడు సాయంత్రం మళ్లీ తీసుకొచ్చారు. ఎడమ బీజం వాచి, పై చర్మం నల్లబడింది. రక్తం తెచ్చే తాడు మెలిపడిపోయింది. 40 కిలోమీటర్ల దూరంలోని పెద్దాసుపత్రికి జీపెక్కించాను. అక్కడ కోసి తీసేయక తప్పలేదు. ఆ మెలిక విప్పడానికి మనకుండేది సుమారు 6 గంటలు. ఆ తర్వాత ఒక్కో గంటకూ ఆశ తగ్గిపోతుంది, 24 గంటలు దాటితే బీజం దక్కడం అరుదు. కుట్లు విప్పించుకోవడానికి వచ్చినప్పుడు ఆ కుర్రాడు నెమ్మదిగా, ‘నేను ముందే చెప్పాను కద సార్’ అన్నాడు. అది తిట్టైనా బాగుండేదనిపించింది.

అందుకే చెబుతున్నా. వాళ్లేం అన్నా నీ గొంతు మారకూడదు. వాళ్ల మాటనే ఒకసారి తిరిగి అను, పక్కనే నీ మాట చేర్చు: ‘వట్టలో నొప్పా? అంటే బీజంలోనా, పైన గజ్జలోనా? చేత్తో చూపించు.’ వేలు చూపించాక ఇక పొరపాటుకు తావుండదు. ఎప్పుడు మొదలైంది, ఉన్నట్టుండి వచ్చిందా, వాంతి అయిందా అని అడుగు. తోడొచ్చినవాళ్లను కాసేపు బయట కూర్చోబెట్టు. ఆడ డాక్టరమ్మ ముందు మగపిల్లలు మరీ ముడుచుకుపోతారు, కాబట్టి వార్డుబాయ్‌ని తోడుంచుకుని, అడిగి, పరదా వేసి చూడు. నొప్పి ఉన్న బీజం పైకి జరిగిపోయి, అడ్డంగా ఉందేమో చూడు. తొడ లోపలివైపు మెల్లగా గీస్తే మామూలుగా అదే పక్క బీజం పైకి కదులుతుంది. మెలిపడితే చాలావరకు కదలదు. అయితే కదిలిందని ధీమా పడకు. అనుమానం గట్టిగా ఉంటే స్కానింగ్ కోసం ఆగొద్దు. నోటికేమీ ఇవ్వకుండా, సర్జన్‌కు ఫోన్ చేసి పంపెయ్. పొత్తికడుపు నొప్పి అన్న ప్రతి మగపిల్లాడికీ కింద కూడా చూడాలి. ఇది మరిచిపోయావంటే నా మీద ఒట్టే.

మర్యాద మాటలతో ఇంకా జాగ్రత్త. ‘వేడి చేసింది’ అంటే ఒకరికి నోటిపూత, ఇంకొకరికి మూత్రంలో మంట. ‘నరాల బలహీనత’ అన్నవాడికి చాలాసార్లు నరాలు బాగానే ఉంటాయి, భార్య దగ్గర ఇబ్బంది అని చెప్పలేక అలా అంటాడు. ఆడవాళ్లు ‘కింద బాగోలేదు’ అంటారు. ‘ఉచ్చ వచ్చే చోటా, బిడ్డ పుట్టే దారా, దొడ్డికి పోయే చోటా?’ అని మూడూ విడివిడిగా అడుగు. నువ్వే ముందు ఆ మాటలు అంటే ఆమెకు సిగ్గు సగం తగ్గుతుంది.

కేస్ షీట్‌లో వాళ్లన్న మాట ఉన్నదున్నట్టు రాసి, దాని కింద నీ వైద్యభాష రాయి. మందు ఎక్కడ రాసుకోవాలో చెప్పేటప్పుడు మళ్లీ వాళ్ల మాటే వాడు, తిరిగి చెప్పించుకో.

ఆ కుర్రాడు వచ్చి వెళ్లాక నేను మొదలుపెట్టిన నోటుబుక్కు మీ పెద్దమ్మ బీరువాలోంచి తీసింది. పేషెంట్ల మాటలన్నీ అందులో రాసుకున్నాను. మొదటి పేజీలో ఆ కుర్రాడి మాటే ఉంటుంది. ఆదివారం వచ్చి తీసుకెళ్లు, అన్నం తినే వెళ్దువుగాని.

నీ పెదనాన్న