యాభై దాటాక చదివింది నిలవాలంటే: నా అనుభవం

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టాను. సాంఘిక శాస్త్రం ఎన్నిసార్లు చదివినా పొద్దున్నకి గుర్తుండట్లేదు. ఏం చేయాలి?

జవాబు:

మళ్లీ మళ్లీ చదవడం తగ్గించండి. పుస్తకం తెరిచి ఉన్నంతసేపూ అన్నీ తెలిసినట్టే ఉంటుంది, ఎందుకంటే చూసి గుర్తుపట్టడం తేలిక. చూడకుండా చెప్పడం వేరే పని. పరీక్షలో కావలసింది రెండోదే కాబట్టి ఇంట్లో చేయాల్సిన సాధన కూడా అదే.

నేను 54వ ఏట పదో తరగతి రాశాను. గుర్తుండడానికి మన రాజ్యాంగంలోని ప్రాథమిక హక్కులు ఆరింటినీ ఊహలో మా ఇంట్లోనే తలో చోట పెట్టుకున్నాను. గేటు దగ్గర సమానత్వపు హక్కు: ఎవరొచ్చినా ఒకే గేటులోంచి రావాలి, అంటరానితనాన్ని నిషేధించే 17వ అధికరణ ఇక్కడే. అరుగు మీద స్వేచ్ఛా హక్కు, ఎందుకంటే అందరూ కూర్చుని నోరారా మాట్లాడుకునేది అక్కడే. వంటింట్లో పీడనాన్ని నిరోధించే హక్కు: అంట్లు తోముతున్న చిన్నపిల్లను ఊహించుకున్నాను. దేవుడి గదిలో మత స్వేచ్ఛ, పుస్తకాల అలమరలో సాంస్కృతిక, విద్యా హక్కులు. పెరటి తలుపు రాజ్యాంగ పరిహారపు హక్కు: ఏ గదిలో అన్యాయం జరిగినా అందులోంచి నేరుగా కోర్టుకు వెళ్లొచ్చు.

అధికరణల అంకెలు అన్నీ బట్టీ పట్టక్కర్లేదు. ఒక్కో హక్కు మొదలయ్యే అంకె ఒక్కటే నేర్చుకోండి: 14, 19, 23, 25, 29, 32. ఒక హక్కు ఎక్కడ ముగుస్తుందో తర్వాతి దాని మొదలే చెబుతుంది. 19కి ముందుది 18, కాబట్టి సమానత్వం 14 నుంచి 18 వరకు. ఒక్కచోట లెక్క తప్పుతుంది. 29 మొదలయ్యే హక్కు 30తో ముగిసి, తర్వాతిది 32. మధ్యలో 31 ఆస్తి హక్కు. దాన్ని 1978లో 44వ సవరణతో ప్రాథమిక హక్కుల్లోంచి తీసేశారు. కారణం తెలిశాక ఆ ఖాళీ నేను మర్చిపోలేదు.

ఇక పుస్తకం మూసి, గేటు నుంచి పెరటి దాకా మనసులో నడుస్తూ కాగితం మీద రాయండి. రాకపోతే వెంటనే తెరవకండి, ఒక నిమిషం తడుముకోండి. మన వయసులో మాట ఆలస్యంగా వస్తుంది గానీ చాలాసార్లు వస్తుంది. తర్వాత సరిచూసి, తప్పినదాన్ని మాత్రమే చదవండి. మర్నాడు పొద్దున, మూడు రోజులకు, వారానికి ఇదే చేయండి. మధ్యలో కొంత మరుపు రావడం సహజం, దాన్ని తిరిగి తెచ్చుకున్నప్పుడే గట్టిపడుతుంది.

రోజూ ఒకే చోట ఆగిపోతుంటే అక్కడ ఊహించుకున్న బొమ్మ బలంగా లేదని అర్థం, దాన్ని మార్చండి. ఒకే గదిలో రెండు పాఠాలు పెడితే కలిసిపోతాయి. రెండో పాఠానికి మీ వీధినో, చుట్టాల ఇంటినో వాడండి.

ఈ పద్ధతి వరసగా చెప్పాల్సిన వాటికే. లెక్కలకు పనికిరాదు. అక్కడ చేసి ఉన్న లెక్కను మూసి, మొదటి మెట్టు నుంచి సొంతంగా చేయాల్సిందే. చదువే కాక మనుషుల పేర్లు, ఇంటి పనులు కూడా కొత్తగా మర్చిపోతుంటే మాత్రం డాక్టరుకు చూపించుకోండి. బీ12, థైరాయిడ్ లోపాల వల్ల కూడా అలా అవుతుంది, మందులతో సర్దుకోవచ్చు.