షాపు తెరిచిన స్నేహితుడికి నాలుగు మాటలు రాయాలంటే

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

స్టేషనరీ షాపు పెట్టిన నీ స్నేహితుడికి రాసిన చిత్తు చదివాను. "మీ నూతన వ్యాపారం దినదినాభివృద్ధి చెంది, మూడు పువ్వులు ఆరు కాయలుగా వర్ధిల్లాలి" అన్నావు. తప్పేం లేదు. కానీ చిన్నప్పటి నుంచీ ఒరేయ్ అని పిలుచుకునేవాళ్లు కదరా మీరిద్దరూ, షాపు తెరవగానే వాడు "మీరు" అయిపోయాడా? పైగా వాడి పేరు కొట్టేసి టైర్ల షాపు పెట్టినవాడి పేరు రాసినా అందులో ఒక్క అక్షరం మార్చే పని లేదు. అలాంటివి వాడికి ఆరోజు ఫోనులో పదులకొద్దీ వచ్చే ఉంటాయి.

ఇన్నేళ్లు గల్లా దగ్గర కూర్చున్నవాణ్ణి కాబట్టి ఒక సంగతి చెబుతాను. తెరిచిన రోజు వచ్చేది చుట్టాలూ స్నేహితులూ. మొహమాటానికైనా ఏదో ఒకటి కొంటారు. ఆ సందడి తగ్గాక, పెట్టుబడంతా సరుకు రూపంలో ర్యాకుల్లో కనబడుతుంటే, వీధిలో పోయేవాళ్లు లోపలికి తొంగి చూసి వెళ్లిపోతుంటే అప్పుడు మొదలవుతుంది గుబులు. అందుకే తెరిచిన రోజుకి ఫోనులో ఒక మాట చాలు. ఉత్తరం మాత్రం వారం పది రోజులు ఆగి ఇవ్వు. ఆలస్యమైందని సంజాయిషీ రాయకు.

ఇక నీ చిత్తులో తీసేయాల్సినవి చూద్దాం. "ఉద్యోగం వదులుకుని ఇంత సాహసం చేశావు" అన్నావు. నీ లెక్కలో అది మెచ్చుకోలు. వాడి ఇంట్లో ఆ మాట ఎన్నిసార్లు ఏ గొంతుతో అని ఉంటారో ఆలోచించు. "పోటీ ఎక్కువున్నా నెగ్గుకొస్తావు" అన్నదీ అంతే, మంచి చెప్పబోయి భయాన్ని గుర్తు చేస్తోంది. "మాకు డిస్కౌంటు ఇస్తావుగా" అన్న వేళాకోళం అసలే వద్దు. అది రాతలో చదివినవాడికి వేళాకోళంలా వినబడదు, మొహమాటంగా మిగిలిపోతుంది. బోర్డు మీద అక్షరాలు చిన్నవయ్యాయన్నావు చూశావా, అది నిజంగా పనికొచ్చే మాటే. ఎదురుగా ఉన్నప్పుడు చెవిలో వెయ్యి. శుభాకాంక్షల కాగితంలో ఇరికిస్తే వాడికి మిగతాదేదీ గుర్తుండదు, అదొక్కటే ఉంటుంది.

మరేం రాయాలి? నువ్వు వెళ్లి చూశావు కదా, కళ్లకు కనబడినది ఒకటి రాయి. పెన్ను రాసి చూసుకోవడానికి గల్లా పక్కన చిత్తుకాగితాల కట్ట వేలాడదీశాడని ఫోనులో నాకు చెప్పావు, అది చిత్తులో ఎక్కడా లేదేం? రాత్రిళ్లు లెక్కలు రాసిపెట్టే వాళ్ల అక్కయ్య పేరెత్తావా? అభినందన ఇద్దరిదీ.

దీవెన దగ్గరికొస్తే, కోట్లు గడించాలని రాయకు. వాడికి కోట్లు ఇప్పట్లో తలపుకి కూడా రావు. కొత్తగా షాపు పెట్టినవాడికి కావలసింది మూడే: వచ్చినవాడు మళ్లీ రావడం, సరుకు ఎక్కువ రోజులు కదలకుండా పడి ఉండకపోవడం, అరువు ఇచ్చింది వసూలు కావడం. మూడోదాన్ని మాత్రం శుభమా అని రాసేచోట నేరుగా ఎత్తకు. మొదటి రెండూ కోరుకో, ఆ ఒక్కటీ మనసులో అనుకో.

నేనైతే ఇలా రాస్తాను. నీ మాటల్లోకి మార్చుకో:

"ఒరేయ్,

మొన్న నీ షాపులో కాసేపు నిలబడి చూశాను. ఒక పిల్లాడు ఆ కాగితాల కట్ట మీద నాలుగు పెన్నులు రాసి చూసుకుని, అయిదోది కొనుక్కుని వెళ్లాడు. నువ్వు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. వాడు మళ్లీ వస్తాడు, వాళ్ల క్లాసు వాళ్లని వెంటబెట్టుకొస్తాడు. తెచ్చిన సరుకు తెచ్చినట్టే అమ్ముడుపోవాలి, ర్యాకులు ఎప్పటికప్పుడు కొత్త సరుకుతో నిండాలి. లెక్కలు చూస్తున్న అక్కయ్యకి కూడా నా అభినందనలు చెప్పు. ఆదివారం నాకు సెలవే. సరుకు సర్దడానికో, గల్లా దగ్గర కూర్చోవడానికో మనిషి కావాలంటే పిలు."

ఇంతే. ఆ చివరి మాట మాత్రం నిజంగా వెళ్లగలిగితేనే రాయి. ఊరికే "ఏ సాయం కావాలన్నా చెప్పు" అంటే ఎవడూ చెప్పడు. ఏ రోజో, ఏ పనికో పేరు పెట్టి చెబితే మొహమాటం లేకుండా పిలుస్తాడు.

షాపు పేరు రాసేటట్టయితే బోర్డు మీద ఎలా ఉందో అలాగే రాయి, ఒత్తులతో సహా. టైపు చేయకు, చేత్తో రాయి, నీ రాత కోడిగీతలైనా పర్లేదు. గ్రూపులో పెట్టకు. మధ్యాహ్నం బేరాలు పలచగా ఉండే వేళ వెళ్లి చేతికివ్వు. వట్టి చేతులతో తిరిగి రాకుండా నీకు పనికొచ్చే నోటు పుస్తకమేదైనా కొనుక్కో. డబ్బులు వద్దంటాడు, గల్లా మీద పెట్టేసి వచ్చెయ్యి.

ఇట్లు,
మీ బాబాయి