దురద సంగతి తేలిగ్గా తీసుకోకు తల్లీ

చిట్టితల్లికి పెద్దమ్మ దీవెనలు.

ఎనిమిదో నెల నిండేదాకా హైదరాబాద్‌లోనే ఉద్యోగం చేసుకుంటావనీ, కాన్పుకి మాత్రం విజయవాడ వస్తావనీ మీ అమ్మ చెప్పింది. నీ ధైర్యానికి ముచ్చటేసింది. కానీ దానితోపాటే "రాత్రుళ్ళు ఒకటే దురదట, ఎండలకి అయ్యుంటుందిలే" అంది చూడు, ఆ మాటకి నాకు నిద్ర పట్టలేదు.

నువ్వు పంపిన ఫొటో చూశాను. పొట్ట మీద ఆ ఎర్ర చారలకి టెన్షన్ పడకు. చర్మం సాగితే వచ్చేవే అవి, కాన్పయ్యాక మెల్లగా తెల్లబడతాయి. అసలు రాకుండా ఆపే నూనె ఏదీ లేదు, కాబట్టి వేలు పోసి సీసాలు కొనకు. పొడిబారకుండా కొబ్బరినూనె రాసుకో చాలు. చారలు పోవడానికని అమ్మే క్రీముల్లో రెటినాల్ ఉంటే మాత్రం కడుపుతో ఉండగా ముట్టుకోవద్దు.

ఆ చారల్లోనే చిన్న చిన్న ఎర్ర దద్దుర్లు లేచి, తొడల మీదికి పాకి, బొడ్డు చుట్టూ మాత్రం చర్మం మామూలుగా ఉంటే అదీ బిడ్డకి హాని చేసేది కాదు. తొలిచూలు వాళ్ళలో చివరి నెలల్లో ఎక్కువగా కనిపిస్తుంది. దురద ప్రాణం తీస్తుంది గానీ, డాక్టర్ ఇచ్చే పూతమందుకి తగ్గుతుంది, కాన్పయ్యాక కొన్ని వారాల్లో పూర్తిగా పోతుంది. అదే బొడ్డు దగ్గరే మొదలై నీటిబొబ్బలు లేస్తే అది వేరే జబ్బు, వెంటనే చర్మం డాక్టర్‌కి చూపించాలి.

నా భయం వీటి గురించి కాదు. ఒంటి మీద ఒక్క దద్దురూ లేకుండా అరచేతులూ, అరికాళ్ళూ దురద పెట్టడం, రాత్రయ్యేసరికి అది ఎక్కువవడం. అది చర్మానికి సంబంధించింది కాదు, కాలేయానిది. కడుపుతో ఉన్నప్పుడు కొందరికి పైత్యరసం సరిగా పారక, అందులోని ఆమ్లాలు రక్తంలో చేరతాయి.

2017 ఎండాకాలంలో గుంటూరులో మా తోడికోడలి కూతురికి ఇదే వచ్చింది. ముప్పై నాలుగో వారం. చల్లగా ఉంటుందని అర్ధరాత్రి లేచి బాత్రూం గచ్చు మీద అరికాళ్ళు ఆనించి కూర్చునేది, దువ్వెనతో గీరుకునేది. పిక్కల మీద పడ్డ ఆ గీతలు చూసి అందరూ దద్దుర్లనుకున్నారు. డాక్టర్ లివర్ పరీక్ష రాశారు, నార్మల్ అని వచ్చింది. ఇంట్లోవాళ్ళు చేసిన తప్పు అక్కడే తల్లీ. రిపోర్టు బాగుందని ఊరుకున్నారు. వేడి చేసిందని సబ్జా నీళ్ళు, వేపాకు స్నానం, మామిడిపండు బంద్. దురద మాత్రం తగ్గలేదు. ఈ జబ్బులో దురద ముందు వచ్చి, పరీక్షలో తేడా తర్వాత కనిపించడం మామూలే. దురద ఉన్నన్నాళ్ళూ వారానికో, రెండు వారాలకో మళ్ళీ చేయించాలని వాళ్ళకెవరూ చెప్పలేదు.

పది రోజులకి మూత్రం ముదురు రంగులోకి తిరిగింది. కామెర్లంటూ పసరు మందుకి బయల్దేరబోతుంటే వాళ్ళత్తగారు అడ్డుపడి ఆసుపత్రికి తీసుకెళ్ళింది, ఆవిడకి పుణ్యముంటుంది. ఈసారి రక్తంలో ఆ పైత్యరసం ఆమ్లాలు, అదే బైల్ యాసిడ్స్ కూడా చూశారు, 112 వచ్చింది. నలభై దాటితే చాలు, జాగ్రత్త పెంచుతారు. వంద దాటితే బిడ్డ కడుపులోనే పోయే ప్రమాదం పెరుగుతుంది, ఆ ప్రమాదాన్ని స్కానింగ్ ముందుగా పట్టివ్వలేదు. అందుకే ముప్పై ఆరో వారంలోనే కాన్పు చేశారు. పిల్ల రెండు కిలోల మూడొందలు పుట్టింది, ఇప్పుడు బడికి పోతోంది. తల్లికి దురద కొద్ది రోజుల్లోనే పోయింది. రెండో కాన్పులో మళ్ళీ రావచ్చని చెప్పి, అప్పుడు మొదటినుంచీ కనిపెట్టి చూశారు.

నీకు ఎక్కడ దురదో మీ అమ్మని అడిగితే "ఏమో" అంది! ఏడో నెల కడుపుతో ఉన్న పిల్లని ఆ మాత్రం అడగొద్దూ? పొట్ట మీదేనా, అరికాళ్ళలో కూడానా, నాకు ఈ రాత్రే చెప్పు. అరికాళ్ళలో ఉంటే రేపు ఆఫీసుకి సెలవు పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్ళు. "దద్దుర్లు లేవు, రాత్రి ఎక్కువ, లివర్ పరీక్షతోపాటు బైల్ యాసిడ్స్ రాస్తారా" అని నోరు తెరిచి అడుగు. దురద మాత్ర ఇచ్చి పంపిస్తే సరే అని వచ్చెయ్యకు. బైల్ యాసిడ్స్ రిపోర్టుకి ఒక్కోసారి రోజులు పడుతుంది, అందుకని రేపటిని ఎల్లుండి చెయ్యకు. బిడ్డ కదలికలు తగ్గినట్టనిపిస్తే మాత్రం ఏ రిపోర్టు కోసమూ ఆగక, ఆ గంటే ఆసుపత్రికి వెళ్ళిపో.

రిపోర్టులో తేడా వస్తే ఎనిమిదో నెల నిండేదాకా అనే మాట మానెయ్. మీ పెదనాన్నా నేనూ కారులో వచ్చి తీసుకొస్తాం. ఇక్కడి డాక్టర్‌తో నేను ముందే మాట్లాడి ఉంచుతాను. పాత రిపోర్టులన్నీ ఒక కవర్లో పెట్టుకో.

మీ పెద్దమ్మ