అద్దెనా, ఈఎంఐనా: పదేళ్ల లెక్క

"హైదరాబాద్‌లో ఫ్లాట్ 80 లక్షలు, అలాంటిదానికే అద్దె 22 వేలు. చేతిలో 26 లక్షలున్నాయి. కొనేయమంటారా?"

రిజిస్ట్రేషన్‌కు 6 లక్షలు పోగా 20 లక్షలు డౌన్‌పేమెంట్ అనుకుందాం. మిగతా 60 లక్షల లోనుకు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు ఈఎంఐ దాదాపు 52 వేలు. పదేళ్లు కట్టాక సగం తీరిందనుకుంటారు గానీ, అసలు ఇంకా 42 లక్షలుంటుంది.

అద్దెకుంటే 26 లక్షలూ మదుపులో పెట్టి, నెలనెలా మిగిలే తేడా కూడా అందులోనే వేయండి. మొదట అది 30 వేలు. అద్దె ఏటా 5 శాతం పెరిగేకొద్దీ తగ్గుతుంది. 10 శాతం రాబడి వస్తే, పన్నుకు ముందు, 1.18 కోట్లవుతుంది. కొన్నవాళ్లకు ఇంకా 42 లక్షల అప్పుంది కాబట్టి, ఫ్లాట్ 1.60 కోట్లు పలికితేనే సమానం, ఏటా 7.2 శాతం పెరగాలి.

ఆ తేడా ఖర్చయిపోతే మాత్రం ఫ్లాట్ 1.09 కోట్లు దాటితే చాలు, కొన్నవాళ్లదే పైచేయి. అందుకే జీతం పడిన మర్నాడే సిప్ కట్ అయ్యేలా పెట్టుకోండి.