రిస్క్ ప్రశ్నపత్రంలో మార్కులు కూడితే ఏం పోతుంది?

ప్రశ్న: ఈ మధ్యే ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్‌గా రిజిస్టర్ అయ్యాను. కొత్త క్లయింట్లకు రిస్క్ ప్రొఫైలింగ్ ప్రశ్నపత్రం ఎలా తయారు చేసుకోవాలి? జవాబులు చదివేటప్పుడు వాళ్ళను ఎక్కువ రిస్క్ ఉన్న పథకాల వైపు నెట్టకుండా ఎలా జాగ్రత్తపడాలి?

జవాబు:

మొదట మార్కులన్నీ కూడి ఒకే అంకె తేల్చే పద్ధతిని వదిలేయండి. ఇంటర్నెట్‌లో దొరికే నమూనాలు దాదాపు అన్నీ అలాగే ఉంటాయి. పది ప్రశ్నలు, ఒక్కోదానికి అయిదు మార్కులు, చివర మొత్తం. అలాంటి పత్రం ఒక ఇంటిని ఏ దారిలో పెట్టబోయిందో దగ్గర నుంచి చూశాను కాబట్టి ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

నేను విజయవాడలో ఫీజు తీసుకుని సలహా ఇస్తాను. ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూసి 58 ఏళ్ళకు రిటైరైన ఒకాయన, ఆయన భార్య నా దగ్గరకు వచ్చారు. చేతిలో ఉన్నది 40 లక్షలు, ఉంటున్న ఇల్లు కాక అదే మొత్తం ఆస్తి. అంతకు ముందు వేరే చోట నింపించిన ప్రశ్నపత్రం కూడా తెచ్చారు. అందులో ఆయనకు 50కి 36 వచ్చాయి. ‘అధిక రిస్క్ తీసుకోగలరు’ అని రాసి, 28 లక్షలు ఈక్విటీ ఫండ్లలో పెట్టమని సూచించారు.

ఆ పత్రాన్ని ఒక్కో ప్రశ్నగా చదివితే సంగతి తెలిసింది. వయసుకు, ఆదాయ స్థిరత్వానికి ఒకటీ రెండూ మార్కులే పడ్డాయి. కానీ ‘మార్కెట్ 20 శాతం పడితే ఏం చేస్తారు’ అన్నదానికి ‘ఇంకా కొంటాను’ అని టిక్కు పెట్టి అయిదు తెచ్చుకున్నారు. ‘ఎంత రాబడి ఆశిస్తున్నారు’ అన్నదానికి అందరిలాగే పై గడి ఎంచుకున్నారు, మళ్ళీ అయిదు. ‘ధరల పెరుగుదలను మించిన రాబడి కావాలా’ అనే ప్రశ్న ఒకటి, అక్కడా అయిదే. వద్దని ఎవరంటారు? అది ప్రశ్న కాదు, అమ్మకం. సెబీ 2013 నాటి అడ్వైజర్ల నిబంధనల్లోనే జవాబును సూచించే ప్రశ్నలు ఉండకూడదని, కొన్ని జవాబులకు తగని ప్రాధాన్యం ఇవ్వకూడదని స్పష్టంగా ఉంది. ఆ పత్రంలో ధైర్యానికి పడ్డ మార్కులు స్తోమతకు పడాల్సిన కోతను పూర్తిగా మింగేశాయి. రెండేళ్ళలో కూతురి పెళ్ళి చేయాలన్న సంగతిని పదింటిలో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

అందుకే నా పత్రం రెండు భాగాలుగా ఉంటుంది. రెంటినీ ఎప్పుడూ కలపను. నష్టాన్ని భరించే స్తోమత మొదటిది, భరించే మనసు రెండోది. ఏది తక్కువైతే అదే హద్దు.

స్తోమత భాగంలో గడులు, టిక్కులు ఉండవు, లెక్క ఉంటుంది. వాళ్ళ ఇంటి ఖర్చు నెలకు 35 వేలు. ఈపీఎస్ పింఛను 3 వేలు, పై వాటా అద్దె 9 వేలు. అంటే నెలకు 23 వేలు, ఏడాదికి 2 లక్షల 76 వేలు లోటు. పెళ్ళికి 12 లక్షలు. కంపెనీ ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోయింది కనుక వైద్యానికి 3 లక్షలు పక్కన పెట్టాలి. అయిదేళ్ళలోపు అవసరపడే డబ్బును నేను ఈక్విటీలో పెట్టనివ్వను, కాబట్టి అయిదేళ్ళ లోటు సుమారు 14 లక్షలు కూడా తీసేయాలి. మిగిలింది 11 లక్షలు. వడ్డీని లెక్కలోకి తీసుకోలేదు, పెరిగే ధరలకు అది సరిపోతుందనుకున్నాను. ఆయన ఎంత ధైర్యవంతుడైనా ఈక్విటీకి హద్దు ఆ 11 లక్షలే.

మనసు భాగంలో శాతాలు వాడను, రూపాయల్లో రాస్తాను. 2020 జనవరి నుంచి మార్చి మధ్య నిఫ్టీ దాదాపు 38 శాతం పడింది. దాన్ని వాళ్ళకు ఇచ్చిన సలహాకు అన్వయించి, ‘28 లక్షలు పెట్టిన రెండు నెలలకు స్టేట్‌మెంట్‌లో 17 లక్షల 36 వేలు కనిపిస్తే ఆ వారం ఏం చేస్తారు’ అని రాశాను. కింద గడులు లేవు, నాలుగు ఖాళీ గీతలు మాత్రమే. ఇద్దరికీ వేర్వేరు కాగితాలు ఇచ్చి, వేర్వేరు బల్లల దగ్గర కూర్చోబెట్టాను. ఆయన చాలాసేపు పెన్ను పట్టుకుని చూసి, “మరి పెళ్ళో, బాబూ?” అన్నారు. ఆమె కాగితం మీద ఒక్క వాక్యం ఉంది: ‘ఆయనకు చెప్పకుండా ఏడుస్తాను.’ 20 శాతం అన్నప్పుడు ఇంకా కొంటానన్న మనిషే ఆయన. శాతం ఎవరికీ తగలదు, రూపాయి తగులుతుంది.

ఏం చేస్తారని అడగడం కంటే ఏం చేశారో చూడటం మేలు. ఫండ్ లావాదేవీలన్నీ ఒకే చోట చూపించే ఉమ్మడి స్టేట్‌మెంట్‌ను ఫండ్ల రికార్డులు చూసే క్యామ్స్ లేదా కేఫిన్‌టెక్ సంస్థల ద్వారా క్లయింటే తెప్పించుకోవచ్చు. ఆయన 2017 జనవరిలో పన్ను ఆదా కోసం ఈఎల్‌ఎస్‌ఎస్ కొన్నారు. మూడేళ్ళ లాకిన్ తీరింది. 2020 ఏప్రిల్‌లో నష్టానికి అమ్మేశారు. కాగితం మీది జవాబుకూ స్టేట్‌మెంట్‌కూ తేడా వస్తే సగటు తీయకండి. తేదీ చూపించి, “అప్పుడు ఇంట్లో ఏం జరిగింది?” అని అడిగి ఊరుకోండి. మీరు మాట్లాడటం మొదలుపెడితే వాళ్ళు మీకు నచ్చే జవాబు వెతుక్కుంటారు.

ఇక్కడ ఒక బాధ చెప్పాలి. చాలా చోట్ల ఈ పత్రాన్ని క్లయింట్ నింపడు. అమ్మే మనిషి ట్యాబ్‌లో టకటకా నొక్కి, ఫోనుకు వచ్చిన ఓటీపీ అడుగుతాడు. నెలాఖరు టార్గెట్ ఉన్న కుర్రవాణ్ణి తిట్టి లాభం లేదు, కానీ ఆ పత్రానికి విలువ లేదు. మీ దగ్గర మాత్రం క్లయింటే సొంత చేతితో రాయాలి. ఆ రోజు బల్ల మీద ఏ పథకం కాగితమూ ఉండకూడదు, పేరు కూడా ఎత్తకూడదు. తర్వాత జవాబు మార్చుకుంటే మొదటి కాగితాన్ని చించకుండా, ఎందుకు మార్చారో తేదీ వేసి పక్కనే రాయించండి. మీరు వివరించిన ప్రతిసారీ జవాబులు రిస్క్ పెరిగే వైపే మారుతున్నాయంటే నెడుతున్నది మీరే.

అన్నిటికన్నా బలంగా నెట్టేది జాలి. పాత సలహాదారు వాదన తేలికగా కొట్టిపారేసేది కాదు: పెళ్ళి, వైద్యం పోను మిగిలే 25 లక్షలు ఈ లోటుకు ఏ తొమ్మిది పదేళ్ళో వస్తాయి, కాబట్టి ఈక్విటీ తప్పదు. లెక్క నిజమే. కానీ ఎక్కువ రాబడి అవసరమైనంత మాత్రాన నష్టాన్ని తట్టుకునే శక్తి పుట్టదు. నిజానికి అంత అవసరం ఉన్నవాడికే ఆ శక్తి తక్కువ. అందుకని ఈ అవసరాన్ని ప్రశ్నపత్రంలోకి రానివ్వను. దాన్ని విడి కాగితం మీద లోటుగా చూపించి, ఖర్చు, అద్దె, పని, పెళ్ళి బడ్జెట్‌లలో ఏది కదులుతుందో వాళ్ళనే అడుగుతాను.

ఆ దంపతులు ఇంటికి వెళ్ళి ఆలోచించుకుని వచ్చారు. పెళ్ళి ఖర్చును 9 లక్షలకు దించారు. ఆయన ఒక రైస్ మిల్లులో సగం రోజు లెక్కలు రాసే పనికి కుదిరారు, నెలకు 12 వేలు. ఆ పని ఎన్నాళ్ళుంటుందో ఎవరూ చెప్పలేరు కనుక 11 లక్షల హద్దును నేను పెంచలేదు. అందులోనూ ఆమె రాసిన వాక్యాన్ని బట్టి 6 లక్షలతో ఆగి, మిగతాది డిపాజిట్లలో ఉంచమన్నాను.